గోడలో ఉస్సుమనే చప్పుడు

ఆ పెద్దాయన మొదటిసారి ఫోన్ చేసిన రాత్రి నేనాయన మాట అంతగా పట్టించుకోలేదు.

"బాబూ, మా ఇంటి గోడలో ఎవరో ఉస్సుమని ఊదుతున్నట్టు చప్పుడొస్తోంది. పగలు ఉండదు. రాత్రి ఒంటిగంట దాటాక మొదలవుతుంది" అన్నారు.

ఇది చాలా ఏళ్ళ కిందటి మాట. నగరానికి నీళ్ళిచ్చే సంస్థ తన ఫిర్యాదుల లైనును ఒక కాల్ సెంటర్‌కి అప్పజెప్పింది. నేను అందులో రాత్రి షిఫ్టు. పది నుంచి ఆరు. పగలు నలభై మంది కూర్చునే హాల్లో రాత్రి నలుగురమే ఉండేవాళ్ళం. మిగతా కుర్చీలన్నీ ఖాళీ. చేరి అప్పటికి మూడు వారాలు.

ఫిర్యాదు రాసుకోవడానికి స్క్రీన్ మీద ఒక జాబితా ఉండేది. నీళ్ళు రావడం లేదు, ప్రెషర్ తక్కువ, రంగు లేదా వాసన, రోడ్డు మీద లీకేజీ, బిల్లు, ఇతరాలు. గోడలో ఊదే చప్పుడుకి అందులో చోటెక్కడిది? ఇతరాలు నొక్కి, రెండు ముక్కలు రాసి, నంబరిచ్చి పెట్టేశాను. ఇతరాలంటే ఎవరూ తెరవని అటక లాంటిదని నాకు తర్వాత తెలిసింది.

రాత్రి కాల్స్ తీరే వేరు. పగలు పనిచేసేవాళ్ళని ఒక్కో కాల్ ఎన్ని నిమిషాల్లో ముగించారన్న లెక్కతో చంపుతారు. రాత్రి ఆ లెక్క ఉన్నా అడిగేవాళ్ళు తక్కువ. కాల్స్ తక్కువ, మాటలెక్కువ. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా సెకండ్ షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చి, స్నానానికి కుళాయి తిప్పితే చుక్క రానివాళ్ళు. వాళ్ళ కోపం వాళ్ళ అలసటలోంచి వచ్చేది, మన మీద కాదు. అది అర్థమవడానికి నాకు నెల పట్టింది. రెండు దాటాక పసిపిల్లల తల్లులు. మూడింటికి ఏ ఆసుపత్రి మెయింటెనెన్స్ మనిషో. అతను ఎప్పుడూ తొందరపడడు, ఎప్పుడూ రెండో కాల్ చేయడు. నాలుగున్నరకి తెల్లవారుజామునే లేచేవాళ్ళు. ఇలా గడియారం చూడకుండానే, గొంతుల్ని బట్టి టైమ్ చెప్పే స్థితికి వచ్చేశాను.

ఒక్క నాలుగింటితోనే నాకు గొడవ. మనిషి ఒంటి వేడి తెల్లవారుజామునే బాగా తగ్గుతుంది. ఏసీ ఎంతలో ఉన్నా ఆ టైమ్‌కి చలేస్తుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, చదువుతూనే ఉంటాం, చదివింది మాత్రం తలకెక్కదు. నిద్రొస్తోందని తెలిస్తే లేచి నాలుగడుగులు వేస్తాం. ఇది అలా కాదు, మెలకువగా ఉన్నామనే అనుకుంటాం. పెద్దాయన రెండోసారి ఫోన్ చేసింది సరిగ్గా ఆ టైమ్‌లోనే. ఈసారి జాలేసి, ఇతరాలు కాకుండా లీకేజీ కింద రాశాను. ఇంటి నంబరు 74. నేను కొట్టింది 47.

పొద్దున్నే మనుషులు 47కి వెళ్ళి తలుపు కొట్టారు. నైట్ డ్యూటీ చేసొచ్చి అప్పుడే కన్నుమూసిన ఒక నర్సు లేచి తలుపు తీసింది. చప్పుడూ లేదు గిప్పుడూ లేదని చెప్పి పంపేసింది. టికెట్ మూసేశారు. కింద ఒక్క వాక్యం: ఫిర్యాదులో నిజం లేదు.

ఐదు రోజులకి ఆయన మూడో ఫోన్ కూడా నాకే వచ్చింది. నలుగురిలో ఎవరు ఎక్కువసేపటి నుంచి ఖాళీగా ఉంటే వాళ్ళకి కాల్ వెళ్తుంది. అంతే, అందులో విధి ఏమీ లేదు. "నిజం లేదని మెసేజ్ వచ్చింది బాబూ. అసలు మా ఇంటికి ఎవరూ రాలేదే?" అన్నారు. గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. పాత టికెట్ తెరిచి చూస్తే 47 కనిపించింది.

సారీ చెప్పి, మా పద్ధతికి విరుద్ధంగా, ఫీల్డ్ వాళ్ళ నైట్ సూపర్‌వైజర్‌కి నేరుగా ఫోన్ చేశాను. తప్పు నాదని చెప్పగానే ఆయన అందుకున్నారు. "మీరు ఏసీలో కూర్చుని ఒక అంకె అటూ ఇటూ కొడతారు, ఇక్కడ నా మనుషులు ఊరంతా తిరగాలి" అని రెండు నిమిషాలు ఊపిరాడనివ్వలేదు. తర్వాత ఆగి, "చప్పుడు ఎన్నింటికని చెప్పాడాయన?" అని అడిగారు.

"ఒంటిగంట తర్వాతట సార్. పగలు వినపడదట."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. "ఏ వీధి?"

చెప్పాను.

"ఆ ఏరియా మీటరు కూడా ఇరవై రోజుల నుంచి అదే పాట పాడుతోంది" అన్నారు. గొంతు మారిపోయింది.

ఆ తర్వాత ఆయన చెప్పింది నేనిప్పటికీ మర్చిపోలేదు. నగరంలో కొన్ని ప్రాంతాలకి ఇరవై నాలుగు గంటలూ పైపుల్లో నీళ్ళుంటాయి. అలాంటి ప్రాంతాన్ని చుట్టూ వాల్వులతో మూసి, నీళ్ళన్నీ ఒకే పైపు గుండా లోపలికి వెళ్ళేలా చేసి, ఆ పైపు మీద మీటరు పెడతారు. రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య జనం వాడకం అట్టడుగుకి పడిపోతుంది. అప్పటికీ మీటరు తిరుగుతోందంటే రెండే కారణాలు. మేలుకుని నీళ్ళు వాడుతున్నవాళ్ళు, లేదా నేలలోకి కారిపోతున్న నీళ్ళు. ఆ ప్రాంతంలో రెండు వేల కనెక్షన్లు. రాత్రి మూడింటికి మామూలుగా సెకనుకి 5 లీటర్లు వెళ్ళేవి. ఇప్పుడు 9 వెళ్తున్నాయి. తేడా 4 లీటర్లు. వినడానికి చిన్నదే. గంటకి లెక్కేస్తే 14,400 లీటర్లు.

"మరి పగలు ఎందుకు వినపడదు సార్?"

"పగలు అందరూ కుళాయిలు తిప్పుతారు. పైపులో ప్రెషర్ పడిపోతుంది, కన్నంలోంచి వచ్చే ధార మెత్తబడుతుంది. పైగా రోడ్డు మీద బండ్ల రొద. రాత్రి వాడకం ఆగితే ప్రెషర్ లేస్తుంది, చప్పుడూ లేస్తుంది. పాత పైపుల మీద ఒత్తిడి ఎక్కువయ్యేది కూడా అప్పుడే." ఒక్క క్షణం ఆగి, "నీ సెలవెప్పుడు? గురువారం మేం స్టెప్ టెస్ట్ చేస్తున్నాం. ఒకసారి వచ్చి చూడు. అంకె తప్పు కొడితే ఏమవుతుందో తెలుస్తుంది" అన్నారు. తిట్టారో పిలిచారో తెలియలేదు కానీ వెళ్ళాను.

స్టెప్ టెస్ట్ అనే మాట నా స్క్రీన్ మీద చాలాసార్లు చూశాను. ఫలానా వీధుల్లో రెండు నుంచి నాలుగు దాకా నీళ్ళు ఆగుతాయి, ఎవరైనా ఫోన్ చేస్తే ముందుగా అనుకున్న పని అని చెప్పండి అని నోటీసు వచ్చేది. చెప్పేవాణ్ణి. ఆ మాట వెనక ఏముందో మాత్రం తెలియదు.

గురువారం రాత్రి ఒంటిన్నరకి వాళ్ళ వ్యాన్ ఎక్కాను. అన్నాళ్ళూ రాత్రి నగరమంటే నాకు హెడ్‌సెట్‌లో గొంతులే. క్యాబ్‌లో వెళ్ళొచ్చేటప్పుడు నిద్రపోయేవాణ్ణి. ఆ రాత్రి మొదటిసారి కిటికీలోంచి చూశాను. సిగ్నళ్ళు పసుపురంగులో మిణుకుమంటున్నాయి. పగలంతా ఊరి బయట ఆగిన లారీలు వరసగా లోపలికి వస్తున్నాయి. ఒకచోట సగం రోడ్డు మూసి తారు వేస్తున్నారు, ఆవిర్లు లైట్ల వెలుగులో తెల్లగా లేస్తున్నాయి. చీపుళ్ళ చప్పుడు. పగలు ఆ రోడ్డు మీద చీపురు చప్పుడు వినిపిస్తుందని ఎవరైనా చెబితే నమ్మను. దినపత్రికల కట్టలు ఒక షట్టరు ముందు దింపుతున్నారు, రేపటి తేదీ అప్పుడే వాటి మీద ఉంది.

వ్యాన్‌లో వాళ్ళు ఇవేవీ చూడటం లేదు. వాళ్ళ నగరం వేరు. "ఇప్పుడు ఐస్ ఫ్యాక్టరీ నీళ్ళు పట్టుకుంటోంది" అనేవాడొకడు. "లాండ్రీ మొదలెట్టారు" అనేవాడింకొకడు. ఎవరు ఏ టైమ్‌లో ఎంత నీళ్ళు లాగుతారో వాళ్ళకి కంఠస్థం. ఏ ఇంట్లో ఎవరున్నారో తెలియదు, ఏ వీధి ఎన్నింటికి లేస్తుందో మాత్రం తెలుసు. ఆ లెక్క తెలియకపోతే లీకేజీ కూడా దొరకదు. ఆ సంగతి కాసేపట్లో నాకూ తెలిసొచ్చింది.

సూపర్‌వైజర్ గారు మీటరు గుంత పక్కన స్టూలు వేసుకుని ఫోన్ చెవికి పెట్టుకుని కూర్చున్నారు. ప్రాంతాన్ని ఆరు ముక్కలుగా విడగొట్టారు. మీటరుకి అన్నిటికన్నా దూరంగా ఉన్న ముక్క నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క వాల్వూ మూసుకుంటూ రావాలి. ఏది మూస్తే మీటరు ఒక్కసారిగా పడుతుందో కన్నం అక్కడుంది. ఆసుపత్రి మీటరుకి దగ్గరగా ఆరో ముక్కలో ఉంది కాబట్టి దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

వాల్వు తిప్పడం చూస్తే నాకే విసుగొచ్చింది. రెండు చేతుల పొడవున్న తాళంచెవి లాంటిది గుంతలోకి దింపి, ఇద్దరు మెల్లగా, మెల్లగా తిప్పుతారు. గబుక్కున మూస్తే పరుగెడుతున్న నీళ్ళు గోడకి గుద్దుకున్నట్టు ఆగి, ఆ దెబ్బకి ఇంకోచోట పైపు పగులుతుందట. ఒక లీకేజీ వెతకబోయి రెండోది చేసుకోవడం.

మొదలుపెట్టినప్పుడు 9.1. మొదటి వాల్వు మూశాక 8.8. రెండోది 8.3. మూడోది మూయగానే 6.4.

"దొరికింది" అని నేనే ముందు అరిచాను.

ఫోన్‌లో సూపర్‌వైజర్ గారి నవ్వు. "అక్కడ బస్సు డిపో ఉంది బాబూ. ఈ టైమ్‌లో బస్సులు కడుగుతారు." అలాగని వదిలేయలేదు. బస్సుల చాటున చిన్న కన్నం దాక్కోవచ్చు కదా. వాల్వు మళ్ళీ తెరిపించి, మమ్మల్ని డిపోకి పంపారు. మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచిన కుర్రాళ్ళు ముగ్గురు పైపులు పట్టుకుని బస్సుల పక్కలు కొడుతున్నారు. రెండు నిమిషాలు ఆపమని అడిగాం. ఆపారు. మీటరు 8.3 నుంచి 6.5కి దిగింది. అంటే ఆ నీళ్ళు బస్సులవే, నేలవి కావు. ఆ కుర్రాళ్ళలో ఒకడు నన్ను పట్టిపట్టి చూసి, "అన్నా, మేం నీళ్ళు ఆపితే మీకెక్కడో తెలుస్తుందా?" అన్నాడు. తెలుస్తుందన్నాను. పొద్దున ఆ బస్సులెక్కే జనానికి వాడెవడో తెలియదు. అటు మీటరులో మాత్రం ఆ ముగ్గురూ కలిసి సెకనుకి లీటరున్నర పైన ఉన్నారు.

మూడో వాల్వు మళ్ళీ మూసి ముందుకెళ్ళాం. నాలుగోది పెద్ద తేడా చూపించలేదు, 6.1. ఐదోది మూయగానే 1.7.

ఎవరూ అరవలేదు. ఐదో ముక్కలో మూడే వీధులు, వాటిలో ఒకటి పెద్దాయనది.

ఆ తర్వాతి పని బాబాయ్‌ది. అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలిచేవారు, నేనూ పిలిచాను. చేతిలో మనిషి భుజం దాకా వచ్చే ఉక్కు కడ్డీ, దాని పైకొసన చెవికి ఆనించుకునే చిన్న చెక్క గిన్నె. వాల్వు మళ్ళీ తెరిపించి, ఇంటింటి ముందూ కుళాయి గుంత మూత తీసి, కడ్డీ పైపుకి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. ఒక్కోచోట రెండు నిమిషాలు. ఎవరైనా కుళాయి తిప్పితే అదీ ఉస్సుమనే వినపడుతుంది, కానీ కాసేపటికి ఆగిపోతుంది. కన్నం ఆగదు. ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఆగదు కానీ అది మూలుగుతుంది, ఉస్సుమనదు. ఆయన నాకు చెప్పిన పాఠం అంతే.

నా చెవికి కూడా పెట్టాడు. మొదట నా సొంత నెత్తురు హోరే వినపడింది. "ఊపిరి బిగబట్టు" అన్నాడు. అప్పుడు దాని అడుగున, సన్నగా, పళ్ళ సందున గాలి పీల్చినట్టు. పెద్దాయన మూడుసార్లు ఫోన్‌లో చెప్పింది అదే. నేను ఇతరాలు అని రాసింది అదే.

70 దగ్గర సన్నగా ఉంది. 72 దగ్గర దాదాపు లేదు. 74 దగ్గర చెవి వెనక్కి తీసుకునేంత. 76లో మళ్ళీ లేదు. అయితే కన్నం 74 కిందే అనుకున్నాను. బాబాయ్ తల అడ్డంగా ఊపాడు. 72, 76 వాళ్ళు ఇంటి కనెక్షన్లు ప్లాస్టిక్ పైపుకి మార్చుకున్నారు. ప్లాస్టిక్ చప్పుడుని మింగేస్తుంది. 74కి ఇంకా పాత ఇనప పైపే. ఇనుము మోసుకొస్తుంది. వీధి మొత్తం మీద ఆయనొక్కడికే ఎందుకు వినపడిందో అప్పుడు తెలిసింది. మా హాల్లో మాత్రం ఆయనకి ఏదో చాదస్తమని తేల్చేశాం.

తర్వాత నేల మీద పెట్టి వినే మైకు తెచ్చి, రోడ్డు మీద అడుగడుగునా పెట్టుకుంటూ పోయారు. 74 గేటు నుంచి ఓ పది అడుగుల అవతల, వాననీటి కాలువ పక్కన ఆగారు. కాలువ మూత తీసి లైటు కొడితే అడుగున నీళ్ళు చకచకా పారుతున్నాయి. వానపడి నెల దాటింది. అందుకే రోడ్డు మీద చెమ్మ కూడా లేదు, కారిన నీళ్ళకి దారి దొరికింది, అవి తమ దారిన పోతున్నాయి. చిన్న గాజు గొట్టంలో ఆ నీళ్ళు పట్టి, పొడి కలిపి ఊపారు. గులాబీ రంగుకి తిరిగింది. అంటే క్లోరిన్ ఉంది. అంటే అది మురుగు కాదు, శుద్ధి చేసి పంపిన తాగునీరే.

ఈ హడావిడికి 74లో లైటు వెలిగింది. శాలువా కప్పుకుని పెద్దాయన గేటు దాకా వచ్చారు. "లోపలికి వెళ్ళి పడుకోండి సార్, పొద్దున తవ్వుతారు" అన్నాను. ఆయన చటుక్కున నా వైపు తిరిగారు.

"ఈ గొంతు నాకు తెలుసు" అన్నారు.

నాకేం చెప్పాలో తోచలేదు. నంబరు తప్పు కొట్టింది నేనేనండీ అన్నాను. "74, 47. నేనూ జీవితమంతా అంకెలు రాసినవాణ్ణే" అన్నారు. అంతకుమించి ఆ సంగతి ఎత్తలేదు.

మర్నాడు తవ్వితే పోతపోసిన పాత ఇనప పైపుకి గాజు చుట్టూ గీటు గీసినట్టు అడ్డంగా పగులు ఉందట. నేను చూడలేదు, నిద్రపోతున్నాను. చుట్టూ క్లాంప్ బిగించి మట్టి కప్పేశారు. ఆ రాత్రి మూడింటికి మీటరు 5.1 చూపించిందని సూపర్‌వైజర్ గారు ఫోన్ చేసి చెప్పారు. ఈ పద్ధతి అన్నిచోట్లా పనికిరాదని కూడా ఆయనే అన్నారు. నీళ్ళు రోజుకి రెండు గంటలే వదిలే చోట, వదలగానే అందరి తొట్లూ నిండుతుంటాయి. నిండే తొట్టికీ కారే పైపుకీ మీటరు తేడా చెప్పలేదు.

అదే రాత్రి నాలుగున్నరకి కాల్. పెద్దాయన.

"బాబూ, నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి."

వాల్వులు మూసి తెరిచినప్పుడు నీళ్ళ వడి మారి, పైపుల అడుగున పేరుకున్న తుప్పు లేస్తుంది. అది గురువారం చూశాను కాబట్టి ఈసారి కాగితం చూసి చదవక్కర్లేకపోయింది. "పైపులో తుప్పు కదిలింది సార్. బయటి కుళాయి కాసేపు వదిలేయండి. తేటబడేదాకా తాగొద్దు, తెల్ల బట్టలు తడపొద్దు" అన్నాను.

"సరే, ఉండు" అని ఫోన్ గట్టు మీద పెట్టి కుళాయి తిప్పారు. పెట్టేయమని ఆయన అనలేదు, నేనూ పెట్టలేదు. స్క్రీన్ మూలన నిమిషాలు పెరుగుతున్నాయి. నాలుగు. ఆరు. పక్క కుర్చీలో అమ్మాయి ఏమైందని సైగ చేసింది. హెడ్‌సెట్‌ని చెవికి అదుముకున్నాను. ముందు బకెట్ అడుగున డబడబ, తర్వాత నిండుతున్న కొద్దీ గొంతు మారుతూ వచ్చింది. ఒక బకెట్ పారబోశారు, మళ్ళీ పెట్టారు.

పదకొండో నిమిషంలో ఫోన్ ఎత్తి, "తేటబడ్డాయి" అన్నారు.

టికెట్ మీద రంగు లేదా వాసన అని నొక్కాను. ఇంటి నంబరు కొట్టి, వేలు పెట్టి ఒక్కో అంకే చదువుకున్నాను. ఏడు. నాలుగు.